‘కొంచెం పెద్దది చెయ్యప్పా’: ఆ కొంచెం ఖరీదు ఈమెయిల్‌లో ఎలా చెప్పాలి?

ప్రశ్న: కడపలో ఇంటి దగ్గరే కూర్చుని నగలకు త్రీడీ మోడల్స్ చేస్తాను. ప్రొద్దుటూరులో నగల అంగడి ఉన్న ఒక అన్నకు లక్ష్మీదేవి పతకం మోడల్ ఒప్పుకున్నా. స్కెచ్‌తో పాటు ఆయన ఇచ్చిన లెక్క: 35 మి.మీ. వెడల్పు, 22 క్యారెట్లలో 12 గ్రాములు, అంచు చుట్టూ 2 మి.మీ. రాళ్లు 48. మొత్తం 9,000 రూపాయలు, రెండుసార్లు మార్పులు అందులోనే అని వాట్సాప్‌లో రాసుకున్నాం. సగం అడ్వాన్సు ఇచ్చాడు. రెండుసార్లూ అయిపోయాయి, మూడోసారి కూడా నోరు మూసుకుని చేసిచ్చా. ఇప్పుడు మళ్లీ నాలుగు చెప్పాడు. సైజు పది శాతం పెంచాలంట. పైన కొండీలో గొలుసు దూరడం లేదంట. కుడి నెమలి ముక్కు స్కెచ్‌లో మాదిరి లేదంట (చూసుకుంటే నిజమే). అదే డిజైన్ చిన్నది చేసి కమ్మలు కూడా ఇవ్వాలంట. ‘ఉన్నదాన్నే పెంచి తగ్గించేది కదప్పా’ అంటాడు. ‘ఒప్పందము ప్రకారము అదనపు మార్పులకు అదనపు రుసుము వర్తించును’ అని ఈమెయిల్ రాసి పెట్టుకున్నా గానీ పంపబుద్ధి కావడం లేదు. ఎట్లా రాయాలి?

సమాధానం: పంపకపోవడమే మంచిదైంది. ‘వర్తించును’ అనే మాట కరెంటు బిల్లు వెనకవైపు ఉండాల్సింది. రేపు ఇంకో డిజైన్ ఇవ్వగల మనిషికి రాసే ఉత్తరంలో దానికి చోటు లేదు. పైగా ఆ వాక్యంలో అసలు తప్పు మర్యాదది కూడా కాదు. నాలుగు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటగా కట్టి దాని మీద ధర రాసింది. ఆ అన్న మూట విప్పి చూస్తే అందులో మీ తప్పు ఒకటి కనిపిస్తుంది. ఇక మిగతా మూడింటికీ ఆయన డబ్బు ఎందుకిస్తాడు?

కాబట్టి ముందు మూట విప్పుదాం.

నెమలి ముక్కు మీ పొరపాటు. స్కెచ్‌లో ఒకటుంటే మీరు ఇంకొకటి చేశారు. దాన్ని సరిచేయడం మార్పు కాదు, మిగిలిపోయిన పని. పదిసార్లు చెప్పించుకున్నా దానికి పైసా అడగకూడదు, రెండుసార్ల లెక్కలోకి కూడా రాదు. ఈమెయిల్ దీనితోనే మొదలుపెట్టండి. తన తప్పు తానే ముందు చెప్పినవాడి మిగతా లెక్కను ఎదుటివాళ్లు కొంచెం నిదానంగా చదువుతారు.

కొండీ సంగతి మధ్యరకం. ఎంత లావు గొలుసు వేస్తారో ఆయన చెప్పలేదు, మీరూ అడగలేదు. రంధ్రం పెద్దది చేయడం పది నిమిషాల పని. ఇలాంటివి ఉచితంగా చేసేయండి, కానీ ఉచితంగా చేశానని రాయండి. రాయకుండా చేసిన ఉచితం ఎవరి లెక్కలోనూ ఉండదు. మీ మూడోసారి మార్పులకు జరిగింది అదే. మీరు పెద్దమనసు చేసుకున్నారు, ఆయనకు మాత్రం ‘ఈ పిల్లోడు ఎన్నిసార్లు చెప్పినా చేస్తాడు’ అని అర్థమైంది. దానికి ఇప్పుడు వెనక్కి వెళ్లి డబ్బు అడగొద్దు. అడిగే హక్కు ఆ రోజే పోయింది. ఒక్క వాక్యంలో గుర్తుచేస్తే చాలు.

ఇక పది శాతం. గొడవంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇది ఆయన కంటికి అన్నిటికన్నా తేలికైన పని. సాఫ్ట్‌వేర్‌లో స్కేల్ అని కొట్టి 1.1 ఇస్తే క్షణంలో పతకం పెద్దదవుతుంది. ఆ మాట నిజమే. మీరు కాదంటే అబద్ధం చెప్పినట్టే. చెప్పాల్సింది ఆ క్షణం తరువాత ఏమవుతుందో.

మొదట బరువు. పొడవు, వెడల్పు, మందం మూడూ పది శాతం పెరిగితే ఘనపరిమాణం 1.1 ని మూడుసార్లు గుణించినంత అవుతుంది, అంటే 1.331. బరువు దాన్నే అనుసరిస్తుంది. 12 గ్రాముల పతకం దాదాపు 16 గ్రాములవుతుంది. ‘కొంచెం పెద్దది’ అన్న మాటకు నాలుగు గ్రాముల బంగారం. ఆయన తన కస్టమర్‌కు 12 గ్రాములని చెప్పి ఉంటే ఈ లెక్క ఆయనకు మీ ఫీజు కన్నా ఎన్నో రెట్లు ముఖ్యం. ఈ ఒక్క ముక్క ఈమెయిల్‌లో పెడితే మీరు డబ్బు అడుగుతున్నవాడిలా కాక, నష్టం ముందే చూసి చెప్పినవాడిలా కనిపిస్తారు. అదేమీ నటన కాదు, ఆ పని మీదే.

రెండోది రాళ్లు. మోడల్‌తో పాటు రాయి కూర్చునే గుంటలు కూడా పెరుగుతాయి. 2 మి.మీ. గుంట 2.2 అవుతుంది. రాయి మాత్రం పెరగదు. ఆయన డబ్బాలో ఉన్నవి 2 మి.మీ. రాళ్లే. 2.2 గుంటలో 2 మి.మీ. రాయి వేస్తే చుట్టూ 0.1 మి.మీ. ఖాళీ ఉంటుంది, పట్టుకునే ప్రాంగులు రాయిని అందుకోవు. పొదిగే ఆయన ప్రాంగు వంచి ఎలాగో నిలబెట్టినా నాలుగు నెలలకు రాయి రాలుతుంది. కాబట్టి 48 గుంటలూ తీసేసి మళ్లీ 2 మి.మీ.లో పెట్టాలి. అప్పుడింకో చిక్కు. అంచు చుట్టుకొలత కూడా పది శాతం పెరిగింది. అవే 48 రాళ్లు పరిస్తే మధ్యలో సందులు కనిపిస్తాయి. 48 ని 1.1 తో గుణిస్తే 52.8, అంటే మునుపటి ఒత్తుదనం రావాలంటే 53 రాళ్లు కావాలి. సందులన్నీ మళ్లీ సమంగా పంచాలి, ప్రాంగులు మళ్లీ నిలపాలి, నెమలి తోక ఎక్కడ అంచును తాకుతుందో అక్కడ రాయికి చోటుందో లేదో చూడాలి. క్షణంలో అయ్యే పని ఐదు గంటలయ్యేది ఇట్లా.

కమ్మలది ఇదే కథ తలకిందులుగా. పతకాన్ని సగానికి తగ్గిస్తే మందం కూడా సగమవుతుంది. 1 మి.మీ. ఉన్న జాలీ తీగ 0.5 కి దిగుతుంది. పోత పోసే ఆయన 0.8 కన్నా సన్నం వద్దంటే అది మధ్యలోనే తెగుతుంది. 2 మి.మీ. గుంట 1 మి.మీ. అవుతుంది, బరువు ఎనిమిదో వంతుకు పడి ఒకటిన్నర గ్రాము చూపిస్తుంది. లక్ష్మీదేవి ముఖం అంత చిన్నగా పోతలో తేలదు. డిజైన్ అదే కావచ్చు, మోడల్ మాత్రం కొత్తది. దీన్ని మార్పుల ఖాతాలో వేయనే వద్దు. ఇది ఇంకో పని, ఇంకో ధర. ఒక మేలు ఉంది. ఒక కమ్మ చేస్తే రెండోది అద్దంలో తిప్పినట్టు వస్తుంది, కాబట్టి జతకు రెండింతలు అడగకండి. ఆయనకు ఆ సంగతి తెలుసు.

ఇక ధర ఎలా కట్టాలి. అసలు పనికి ఎన్ని గంటలు పట్టిందో మీరు రాయలేదు. 18 గంటలనుకుంటాను. 9,000 కి గంటకు 500 పడింది. అదనపు పనికీ అదే రేటు పెట్టండి. కొందరు ‘మార్పులకు ఒకటిన్నర రేటు’ అంటారు. ముందు చెప్పకుండా అలా వేస్తే అది జరిమానాలా కనిపిస్తుంది. పాత రేటే అయితే ఆయన వాదించడానికి మిగిలేది గంటల సంఖ్య ఒక్కటే, దానికి మీ దగ్గర 48 గుంటల కథ ఉంది. మీ గంటలు వేరైతే కింది అంకెలు మార్చుకోండి.

ఇంకొకటి చేయండి. డబ్బు అడిగే ఉత్తరంలో డబ్బు తక్కువయ్యే దారి కూడా ఒకటి చూపించండి. పతకం పెద్దగా కనబడాలన్నదే కస్టమర్ కోరిక అయితే రెండు మార్గాలున్నాయి. మందం పెంచకుండా పొడవు, వెడల్పు మాత్రమే పెంచితే బరువు 1.21 రెట్లే, అంటే 14.5 గ్రాములు. రాళ్ల పని మాత్రం తప్పదు. లేదా సైజు అలాగే ఉంచి కింది అంచుకు చిన్న రింగులు పెట్టి గుత్తపూసలు వేలాడదీస్తే చూపుకు నిండుగా ఉంటుంది, బంగారం పెద్దగా పెరగదు, మీకు గంట పని. ప్రొద్దుటూరు అంగట్లో కూర్చున్న మనిషికి గుత్తపూసల గురించి మీరు చెప్పేదేముంది. కానీ మోడల్‌లో రింగులకు చోటు వదలడం మీ చేతిలో ఉన్న పని కాబట్టి ఆ మాట మీ నుంచే రావాలి.

నేనైతే ఇలా రాస్తాను:

> విషయం: లక్ష్మీ పతకం – మీరు చెప్పిన నాలుగు మార్పులు, ఖర్చు, తేదీ
>
> అన్నా, నమస్తే.
>
> మీరు నిన్న చెప్పిన నాలుగూ చూశాను.
>
> కుడి నెమలి ముక్కు నా పొరపాటు. స్కెచ్ ప్రకారం సరిచేశాను, బొమ్మలు జత చేశాను చూడండి. కొండీ రంధ్రం కూడా పెద్దది చేస్తాను, గొలుసు ఎన్ని మి.మీ. లావో చెప్పండి. ఈ రెండింటికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.
>
> సైజు పెంచే ముందు ఒక లెక్క చూడండి. అన్ని వైపులా పది శాతం పెంచితే బరువు 12 నుంచి దాదాపు 16 గ్రాములకు పోతుంది. మందం అట్లే ఉంచి పొడవు, వెడల్పు పెంచితే 14.5 గ్రాములు. ఎట్లా పెంచినా మీ దగ్గరున్న 2 మి.మీ. రాళ్లు కొత్త గుంటల్లో వదులవుతాయి. అందుకని 48 గుంటలూ తీసేసి, అంచు పెరిగింది కాబట్టి 53 రాళ్లకు మళ్లీ చేయాలి. ఇది ఐదు గంటల పని, 2,500 రూపాయలు. మీరు సరే అన్నాక రెండు రోజుల్లో ఇస్తాను.
>
> సైజు పెంచకుండా నిండుగా కనబడాలంటే కింద గుత్తపూసలకు రింగులు పెట్టిస్తాను. అది గంట పని, 500 రూపాయలు. బరువు అంతగా పెరగదు.
>
> కమ్మలు ఇదే పతకాన్ని తగ్గిస్తే రావు. జాలీ తీగ 0.5 మి.మీ.కి దిగి పోతలో తెగుతుంది. అదే డిజైన్‌లో, ఆ సైజుకు తగ్గ మందంతో కొత్తగా చేయాలి. జతకు 4,000 రూపాయలు, నాలుగు రోజులు.
>
> మనం అనుకున్న 9,000 లో రెండుసార్లు మార్పులు ఉన్నాయి. మూడోసారి చేసినదానికి నేనేమీ వేయలేదు, ఇకముందు కూడా అడగను. పైన చెప్పిన సైజు, కమ్మలు మాత్రం ముందు అనుకున్న స్కెచ్‌లో, లెక్కలో లేనివి. మీ దగ్గర తయారైన నగను ఎవరైనా కరిగించి మళ్లీ చేయమంటే మజూరీ మళ్లీ పడుతుంది కదా, ఇదీ అంతే.
>
> వీటిలో ఏవి కావాలో ఈ ఈమెయిల్‌కే జవాబుగా రాయండి. రాసిన తరువాత మొదలుపెడతాను. ఏవీ వద్దంటే ముక్కు, కొండీ సరిచేసిన పతకం ఫైలు రేపే సిద్ధం. మిగతా 4,500 అందగానే పంపుతాను.
>
> మీ తమ్ముడు

మజూరీ వాక్యం ఉంచాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఒక్క వాక్యంగా, చివరికి దగ్గరగా ఉంటే అది ఆయన భాషలో చెప్పిన మాట. మొదట్లో పెట్టినా, రెండు వాక్యాలు చేసినా ఎత్తిపొడుపు అవుతుంది. మీ ఇద్దరి మధ్య ఇప్పటికే మాటలు కరుకుగా నడుస్తుంటే తీసేయండి, ఉత్తరానికి లోటేమీ రాదు.

‘తప్పుగా అనుకోకండి’, ‘ఏమనుకోవద్దన్నా’ లాంటివి నేను వేయలేదని గమనించారా? అవి చదివినవాడికి అంతకుముందు లేని అనుమానం కలిగిస్తాయి. ధర రాసిన వాక్యానికి పక్కనే కారణం ఉండాలి, క్షమాపణ కాదు.

ఇది పంపాక ఆయన జవాబు రాయడు. ఫోన్ చేస్తాడు. మన దగ్గర వ్యాపారం ఫోన్‌లోనే నడుస్తుంది, దానికి విసుక్కోవద్దు. ‘సరేలే, సైజు పెంచు, కమ్మలు తరువాత చూస్తాం’ అంటే ఫోన్ పెట్టేయగానే అదే ఈమెయిల్‌కు రెండు లైన్లు రాయండి: ‘ఫోన్‌లో అనుకున్నట్టు సైజు ఒక్కటే, మందం పెంచకుండా, 2,500. రేపు పొద్దున మొదలుపెడుతున్నా.’ ఆయన కాదని రాయకపోతే మీకు అది చాలు. ఒప్పందం స్టాంపు కాగితం మీదే ఉండాలని లేదు. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టంలో 10ఏ సెక్షన్ చెబుతుంది, మీ వాట్సాప్ మాటలకూ అదే. ఈ సెక్షన్ మీ ధైర్యానికి మాత్రమే. ఉత్తరంలో రాస్తే ఆ అంగడి మెట్లు మళ్లీ ఎక్కలేరు.

‘ఈసారికి చెయ్యప్పా, ముందు ముందు చానా పని ఇస్తా’ అంటాడేమో. నేను అనంతపురంలో పని మొదలుపెట్టిన కొత్తలో ఈ మాట విని ఒక గాజు డిజైన్ పదకొండుసార్లు మార్చాను. ఆ ముందు ముందు రానే రాలేదు. అయినా మీ అన్న నిజంగానే పని ఇచ్చే మనిషైతే తగ్గించండి, తప్పు లేదు. కానీ సున్నా చేయవద్దు, గంటలు తగ్గించి రాయవద్దు. ‘సైజు మార్పు 2,500, ఈసారికి తగ్గింపు 1,000, ఇవ్వాల్సింది 1,500’ అని మూడు అంకెలూ కనబడేలా రాయండి. ఐదు గంటల పనిని మూడు గంటలని రాస్తే వచ్చేసారి కూడా అది మూడు గంటలే అవుతుంది.

ఫైలు విషయంలో ఒక జాగ్రత్త. డబ్బు అందేదాకా బొమ్మలు పంపండి, ప్రింటుకు పోయే ఎస్‌టీఎల్ ఫైలు పంపకండి. అది ఒకసారి చేయి దాటితే ఎవరో ఒకరు స్కేల్ 1.1 కొట్టి ప్రింటు తీయించేస్తారు. రాళ్లు వదులైనప్పుడు మాత్రం ‘మోడల్ చేసినోడి తప్పు’ అంటారు. ఇప్పటికే ఫైలు వెళ్లి మైనం అచ్చు వచ్చేసి ఉంటే లెక్క మారేది. అప్పుడు ప్రింటు ఖర్చు కూడా ఆయనకు విడిగా చెప్పాల్సి వచ్చేది. మీరు ఆ గట్టు దాటలేదనే అనుకుంటున్నా, కాబట్టి ఇంకా తేలికగానే ఉన్నారు.

ఈ తగువుకు మూలం మీ వాట్సాప్ ఒప్పందంలోనే ఉంది. ‘రెండుసార్లు మార్పులు’ అన్నారు, ఒకసారి అంటే ఎంతో చెప్పలేదు. ఆయన పొద్దున ఒక వాయిస్ మెసేజ్, మధ్యాహ్నం ఇంకొకటి, రాత్రి భోజనం చేశాక ఇంట్లోవాళ్లకు చూపించి మరొకటి పెడితే అది ఒకసారా, మూడుసార్లా? తరువాతి పనికి ఇలా రాసుకోండి: ‘ఒకసారి అంటే అన్ని మార్పులూ కలిపి ఒకే జాబితాగా పంపడం. స్కెచ్‌కు భిన్నంగా నేను చేసినవి ఈ లెక్కలోకి రావు. మొత్తం సైజు, రాళ్ల సైజు లేదా సంఖ్య, బరువు మారినా, కొత్త భాగం చేరినా ముందు గంటలు చెప్పి, మీరు ఒప్పుకున్నాకే చేస్తాను, గంటకు 500.’ గొలుసు లావు ఎంతో కూడా ఆ రోజే అడిగేయండి.

ముక్కు సరిచేసిన బొమ్మలు పంపేటప్పుడు ఎదురుగా ఒకటి, కుడివైపు నుంచి ఒకటి, స్కెచ్ పక్కన పెట్టి ఒకటి, మూడూ జత చేయండి. పాత బొమ్మ కూడా పక్కన పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. ఆయన దాన్నే తన కస్టమర్‌కు పంపేస్తాడు.